బడు మాస్టారు పంచిన జవాబులు

ఆ బడిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ముందు అందరూ తెలుగు మాస్టారనేవారు. తర్వాత పిల్లలు బడు మాస్టారన్నారు. ఎనిమిదో తరగతికి వాక్యాలు మార్చడం నేర్పిన రోజుల్లో నోరు తెరిస్తే చాలు, "చివర బడు చేర్చు, పనైపోతుంది" అనేవారు. ఆ బడు కాస్తా ఆయనకే అతుక్కుంది. స్టాఫ్ రూమ్‌లో మొదట చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు. ఈయన కోపం తెచ్చుకోలేదు. తనకో బిరుదు దొరికిందని లోలోపల పొంగిపోయిన మాట కూడా నిజమే. మనిషికి గొప్ప తక్కువైనప్పుడు వెక్కిరింతలో కూడా కాస్త గొప్ప వెతుక్కుంటాడు.

ఆ బడు ఇంటికి కూడా ఆయన వెంటే వచ్చింది. పాలు పొంగిపోతే "పాలు పొంగించబడ్డాయి" అనేవారు. గొడుగు బస్సులో మర్చిపోయి వస్తే "గొడుగు మర్చిపోబడింది" అనేవారు. కరెంటు బిల్లు కట్టడం మరిచిన నెల "బిల్లు కట్టబడలేదు" అని, అదేదో పైనుంచి వచ్చిన వార్తలాగా గంభీరంగా చెప్పారు. భార్య కుట్టు మిషను దగ్గర నుంచి తల ఎత్తకుండా ఒకే ఒక్క మాట అడిగేది. "ఎవరిచేత?"

ఈయన ఆ ప్రశ్న విననట్టు పేపరు తిరగేసేవారు. కర్తను వాక్యంలోంచి తీసేయడమే కదా ఆ ప్రయోగంలోని సుఖం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఇన్నేళ్ళూ ఆయన బడు చాటున సంసారం చేశారు.

వాళ్ళు ఉండేది ఒక టింకరింగ్ షెడ్డు మీది గది. తెల్లారకముందే కింద సుత్తి మొదలయ్యేది. కారు తలుపులు సాపుచేసే ఆ చప్పుడుకి గదిలోని గ్లాసులు షెల్ఫులో జరిగి జరిగి అంచుకి వచ్చేవి. భార్య రోజుకోసారి వాటిని వెనక్కి నెట్టేది. ఆమె బట్టలు కుడుతుంది. మిషను చప్పుడు, సుత్తి చప్పుడు పోటీ పడితే ఎప్పుడూ సుత్తే గెలిచేది. మాటలు వినిపించక ఇద్దరూ సగం సైగలతో బతికేవారు.

బడి వెనకాల రెండు గదుల క్వార్టర్ ఒకటి ఖాళీగా ఉంది. అది ఖాయమైన ఉపాధ్యాయులకే ఇస్తారు. ఈయన ఎన్నో ఏళ్ళుగా తాత్కాలికమే. ఈ ఏడు ఖాయం చేసే పద్ధతి మొదలైందని, తనిఖీ అధికారి వచ్చి ఒక పాఠం చూసి, బాగుందంటే చాలని హెడ్ మేడమ్ చెప్పింది. ఆ సాయంత్రమే భార్య టేపు పట్టుకుని వెళ్ళి, ఎవరూ చూడకుండా క్వార్టర్ కిటికీలు బయటి నుంచి కొలిచి వచ్చింది. పొడుగు కిటికీలు. ఆలు లేదు చూలు లేదన్న సామెత గుర్తొచ్చినా ఈయన నోరు మెదపలేదు. ఆమె నీలం గుడ్డ తెచ్చి, ఊరివాళ్ళ బట్టలు పక్కన పెట్టి, ఆ కిటికీలకు కర్టెన్లు కుట్టింది. ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పెట్టె అడుగున దాచింది.

ఏ పాఠం చూపిస్తారని హెడ్ మేడమ్ అడిగితే ఈయన ఆలోచించలేదు. కర్తరి, కర్మణి ప్రయోగాలు. ఈత వచ్చినవాడు తన చెరువులోనే దిగుతాడు కదా.

దిగినవాడు ఈదితే బాగుండేది. ఈయన చెరువుకే ఏర్పాట్లు చేశారు. తనిఖీకి ముందు పాఠాన్ని పిల్లలతో వల్లె వేయించడం ఆ బడిలో కొత్త కాదు. లెక్కల టీచరు చేస్తుంది, సైన్సు మాస్టారు చేస్తాడు, హెడ్ మేడమ్ చూసీ చూడనట్టు పోతుంది. ఈయన ఇంకో అడుగు ముందుకేసి, మొదటి బెంచీలో ఎడమ నుంచి వరుసగా ఒక్కొక్కరికి ఒక్కో జవాబు పంచారు. మొదటివాడికి వడ్రంగి, రెండో పిల్లకి పోస్ట్‌మాన్, మూడోవాడికి దర్జీ, తర్వాత పోలీసు, ఆ తర్వాత వంటమనిషి. బెంచీ చివర కూర్చునే పిల్లకి అన్నిటికన్నా బరువైన పని అప్పగించారు. "పాప నిద్రపోయింది" అన్న వాక్యం రాగానే లేచి, "ఇది మారదు సార్, అకర్మక క్రియ" అనాలి. పాఠానికి అది కిరీటమని ఈయన నమ్మకం.

ఇంకో సలహా కూడా ఇచ్చారు. జవాబు చెప్పేటప్పుడు బోర్డు వంక చూస్తే అనుమానంగా కనిపిస్తారట. అందుకని, "బోర్డు చూడకండి, నా మొహం చూసి చెప్పండి" అన్నారు. ఇంతకన్నా తెలివైన సలహా ఆయన జన్మలో ఇచ్చి ఉండరు. దాని ఫలం తర్వాత అనుభవించారు.

ఒక్క పిల్లతోనే భయం. ఆ పిల్ల ప్రశ్నలు అడుగుతుంది. వల్లె వేయిస్తున్నప్పుడే లేచి, "సార్, భయపడ్డాడు అన్నా చివర అలాగే వినిపిస్తుంది కదా, అది కూడా కర్మణేనా?" అంది. ఈయనకు వెంటనే జవాబు తట్టలేదు. తట్టలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. పరీక్షలో అది రాదన్నారు. ఆ పిల్లని ఆఖరి బెంచీకి మార్చి, తనిఖీ రోజున చెయ్యి ఎత్తకుండా ఉంటే బోర్డు తుడిచే పని నీకేనని ఆశపెట్టారు. ఆ పిల్ల సరేనంది గాని, మొహం చిన్నబోయింది. అది చూసి కూడా ఈయన చూడనట్టే ఉండిపోయారు.

తనిఖీ రోజు రానే వచ్చింది. అధికారి బక్కపలచటి మనిషి, గడ్డం నెరిసింది. చేతిలో ఫైలు లేదు, పెన్ను లేదు. నేరుగా వెనక్కి వెళ్ళి, ఆఖరి బెంచీలో ప్రశ్నల పిల్ల పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. హెడ్ మేడమ్ గుమ్మం దగ్గర నిలబడింది. బడు మాస్టారు ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతూ బోర్డు మీద రాశారు: వడ్రంగి కుర్చీ చేశాడు.

"వడ్రంగిచేత కుర్చీ చేయబడింది" అన్నాడు మొదటివాడు, గంట కొట్టినట్టు.

పోస్ట్‌మాన్ ఉత్తరాలు పంచుతున్నాడు. "పోస్ట్‌మాన్‌చేత ఉత్తరాలు పంచబడుతున్నాయి" అంది రెండో పిల్ల. అధికారి తల ఊపాడు. మాస్టారి కళ్ళ ముందు నీలం కర్టెన్లు ఒక్కసారి గాలికి ఊగాయి.

దర్జీ చొక్కా కుడతాడు.

మూడో చోటు నుంచి పిల్లవాడు లేచాడు. మాస్టారి మొహం వంక కళ్ళార్పకుండా చూస్తూ అన్నాడు. "పోలీసుచేత దొంగ పట్టుకోబడ్డాడు."

జరిగింది ఇంతే. దర్జీ జవాబున్న కుర్రాడికి జ్వరం. వాడు రాలేదు. పెద్దవాళ్ళొచ్చినప్పుడు ముందు బెంచీలో ఖాళీ కనిపించకూడదని హెడ్ మేడమ్ చెప్పి ఉంచింది కాబట్టి, పిల్లలు బుద్ధిగా ఒక్కో చోటు ఇటు జరిగి, రెండో బెంచీ నుంచి ఒకణ్ణి ఆ చివర కూర్చోబెట్టారు. జరిగినవాళ్ళు ఎవరి జవాబులు వాళ్ళతోనే మోసుకుపోయారు. మాస్టారు హాజరు పిలవలేదు. ఇలాంటి రోజున హాజరేమిటని దాటేశారు.

అక్కడ ఆగి ఉంటే పరువు కొంతైనా దక్కేది. కాని కంగారులో చెయ్యి మెదడు మాట వినదు. చెయ్యి 'పోలీసు దొంగను పట్టుకున్నాడు' అని రాసింది. తర్వాతి పిల్లవాడు "వంటమనిషిచేత కూరలు తరగబడుతున్నాయి" అన్నాడు. చెయ్యి 'వంటమనిషి కూరలు తరుగుతున్నాడు' అని రాసింది. ఆ పక్కన కూర్చున్న పిల్ల లేచి, ఎంతో ధీమాగా, "ఇది మారదు సార్, అకర్మక క్రియ" అంది. చక్కగా తరగబడాల్సిన కూరలు అలాగే ఉండిపోయాయి.

మిగిలింది నిద్రపోయిన పాప. ఆ చివర ఉన్నది రెండో బెంచీ కుర్రాడు. వాడికి జవాబేదీ పంచలేదు, తల ఊపితే చాలన్నారు. పాపం, వాడు తన వంతు రాగానే లేచి, మాస్టారు ఇన్నాళ్ళూ నేర్పిన సూత్రాన్నే నమ్ముకున్నాడు. చివర బడు చేర్చు, పనైపోతుంది.

"పాపచేత నిద్రపోబడింది సార్."

పనైపోయింది. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే మరీ ఘోరంగా ఉంది. హెడ్ మేడమ్ గుమ్మం దగ్గర నుంచి మాయమైంది. అధికారి లేచి నిలబడి, ఏం జరిగిందని మెల్లగా అడిగాడు.

బడు మాస్టారు గొంతు సవరించుకున్నారు. అంత ఆపదలోనూ ఆయన నోటికి అలవాటే అడ్డొచ్చింది. "వాక్యాల వరుస తారుమారు చేయబడింది సార్."

"ఎవరిచేత?" అన్నాడు అధికారి.

ఆయనకి కుట్టు మిషను ఆగిన చప్పుడు వినిపించినట్టయింది. రోజూ ఇంట్లో తప్పించుకున్న ప్రశ్న, పాతిక కిలోమీటర్లు ప్రయాణం చేసొచ్చిన మనిషి నోట బడికి వచ్చి కూర్చుంది. జ్వరమొచ్చిన కుర్రాడి మీదికి నెట్టొచ్చు. హెడ్ మేడమ్ ఆర్డరు మీదికి నెట్టొచ్చు. రెండూ అబద్ధాలు కావు. ముందు బెంచీలో పిల్లలు ఇంకా ఆయన మొహమే చూస్తున్నారు, చూడమన్నారు కాబట్టి. ఆయనకు సిగ్గేసింది.

"నేను చేశాను సార్" అన్నారు. "జవాబులు ముందే పంచాను. పిల్లల తప్పేం లేదు."

అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత గంట కొట్టడానికి ఇంకా టైముందని, పంచని పాఠం ఒకటి చెప్పమని అడిగి మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు ప్రశ్నల పిల్ల ఎవరూ చెప్పకుండానే వచ్చి బోర్డు తుడిచింది. ఖాళీ బోర్డు ముందు మాస్టారు నిలబడ్డారు. వడ్రంగీ లేడు, దర్జీ లేడు. ఎదురుగా ఉన్న సరుకల్లా తన నిర్వాకమే. సుద్దముక్క తీసుకుని దాన్నే రాశారు: నేను జవాబులు పంచాను.

పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఎవరైనా మార్చగలరా అని మాస్టారు అడిగారు. ఒకడు ధైర్యం చేసి "నాచేత జవాబులు పంచబడ్డాను" అన్నాడు.

"పంచబడ్డది నేనా, జవాబులా?" అన్నారు మాస్టారు. గదిలో మొదటిసారి నవ్వు పుట్టింది. ఆ నవ్వులోనే ఎవరో "పంచబడ్డాయి" అని అరిచారు. అవును, కర్మ ముందుకొస్తే క్రియ దాని మాటే వింటుందన్నారు మాస్టారు. జవాబులు చాలా ఉన్నాయి గనక పంచబడ్డాయి, ఒక్కటే అయితే పంచబడింది. అదే నేను ఇప్పుడు పంచుతుంటే? నాచేత జవాబులు పంచబడుతున్నాయి. రేపు పంచుతాను అంటే? పంచబడతాయి. ఇకమీదట పంచను అంటే? కాస్త ఆలోచించి రెండో బెంచీ కుర్రాడే చెప్పాడు, నాచేత జవాబులు పంచబడవు. అది వ్యాకరణమో ఒట్టో ఎవరికీ తెలియలేదు గాని, మాస్టారు దాన్ని బోర్డు మీద రాశారు.

ఆ తర్వాత నిద్రపోయిన పాప దగ్గరికి తిరిగి వెళ్ళారు. బడు చేర్చే ముందు వాక్యాన్ని ఒక ప్రశ్న అడగాలన్నారు. దేన్ని? ఎవరిని? పంచాడు అంటే దేన్ని పంచాడు, జవాబుల్ని. పట్టుకున్నాడు అంటే ఎవరిని, దొంగని. నిద్రపోయింది అంటే దేన్ని నిద్రపోయింది? పిల్లలు వెతికారు. ఏమీ దొరకలేదు. పని తనలోనే మొదలై తనలోనే ముగిసింది, ఇంకొకళ్ళ మీద పడలేదు. ముందుకు తేవడానికి కర్మే లేనప్పుడు మార్చేదేముంది? మరి బడికి వచ్చాడు అంటే బడి ఉంది కదా అన్నాడొకడు. ఎక్కడికి వచ్చాడంటే బడికి, దేన్ని వచ్చాడంటే జవాబు లేదు, అదీ మారదన్నారు. ఈ మాటలన్నీ ఆయన ఏళ్ళ తరబడి పాఠంలో చివరి పేరా అని దాటేసినవే. చెబుతుంటే ఇంత బాగుంటుందని ఆయనకే తెలియదు.

ఆఖరి బెంచీలో చెయ్యి సగం లేచి ఆగిపోయింది. మాట తప్పకూడదని ఆ పిల్ల ఎత్తిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది. అది చూసి మాస్టారు సుద్దముక్క కింద పెట్టి ఆ పిల్ల వైపు తిరిగారు.

"అడుగమ్మా" అన్నారు.

"సార్, ఇందాక మీరు తడబడ్డారు" అంది ఆ పిల్ల లేచి. "అందులో బడు ఉంది. ఎవరిచేత తడబడ్డారు?"

అధికారి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. మాస్టారికి ఆ రోజు ఆ పిల్ల అడిగిన 'భయపడ్డాడు' ప్రశ్న గుర్తొచ్చింది. అప్పుడు తట్టని జవాబు ఇప్పుడూ వెంటనే తట్టలేదు. కాని ఈసారి దాచుకోలేదు, బోర్డు మీదే వెతికారు. పంచబడ్డాయి అని రాసి, బడ్డాయి మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. ఏం మిగిలింది? పంచడం మిగిలింది, అదొక పని, ఎవరో చేసిన పని. తడబడ్డారు అని రాసి, చెయ్యి అడ్డం పెట్టారు. తడ మిగిలింది. తడడం అనే పని ఉందా? లేదు. ఎవరిని తడబడ్డారు? ఎవరినీ కాదు. ఇక్కడి బడు తర్వాత చేర్చింది కాదు, మాటతోనే పుట్టింది. వినడానికి కర్మణిలా ఉంటుంది గాని, కాదు. భయపడ్డాడు కూడా అంతే, అక్కడైతే అది బడు కూడా కాదు, పడు.

"నువ్వడిగిన రోజున నాకు తెలియదు, అందుకే పరీక్షలో రాదన్నాను" అన్నారు ఆ పిల్లతో. "తడబడ్డానంటే ఎవరిచేతా కాదమ్మా. నేనే తడబడ్డాను."

"నిలబడ్డాను కూడా అంతేనా సార్?" అంది ఆ పిల్ల, నిలబడే.

"అదీ అంతే. ఎవరికి వాళ్ళే నిలబడాలి."

గంట కొట్టారు. పిల్లలు బయటికి పోకుండా ఇంకా కాసేపు కూర్చున్నారు. ఇది ఆ బడి చరిత్రలో లేదు.

అధికారి ఆయన్ని వరండాలోకి పిలిచాడు. మాస్టారి మనసు అప్పటికే క్వార్టర్ తాళం తీస్తోంది. చివర అంత బాగా కుదిరాక ఇంకేం కావాలి? అధికారి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, రెండో సగం బాగుందని, తాను చాలాకాలంగా అలాంటి పాఠం చూడలేదని చెప్పాడు. ఆ తర్వాత ఇలా అన్నాడు.

"మొదటి సగం కూడా నేను చూశాను మాస్టారూ. చూడలేదని రాయలేను. కాగితం మీద 'వాయిదా వేయబడింది' అని వస్తుంది, అది మా ఆఫీసు భాష. మీకు మాత్రం నోటితో చెబుతున్నాను. నేను వాయిదా వేశాను. వచ్చే ఏడు నేనే వస్తాను."

మాస్టారు తల ఊపారు. కోపం తెచ్చుకుందామని చూశారు, రాలేదు. తన ఎదురుగా నిలబడి నేను చేశానన్నవాడి మీద కోపం నిలవదని ఆయనకు అప్పుడే తెలిసింది. బాధ మాత్రం నిలిచింది.

ఇంటి మెట్లు ఎక్కుతూ వాక్యం కూర్చుకున్నారు. క్వార్టర్ ఇవ్వబడలేదు. పోనీ, ఇవ్వబడదు. ఇంకా ఇవ్వబడుతుందేమో. అన్ని కాలాల్లోనూ వేసి చూశారు, ఏ కాలంలోనూ బాగుండలేదు. కింద సుత్తి మోగుతూనే ఉంది. గదిలో భార్య మిషను ఆపి ఆయన వంక చూసింది. మంచం మీద పెట్టె తెరిచి ఉంది, పైన నీలం కర్టెన్లు.

"క్వార్టర్ రాదు" అన్నారు సుత్తి చప్పుడును మించి గట్టిగా. "నేను చెడగొట్టాను."

ఆమె అలవాటు కొద్దీ నోరు తెరిచింది. అడగడానికి ఏమీ మిగల్లేదని తెలిసి మూసేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన వాక్యంలో కర్త ముందే వచ్చి కూర్చున్నాడు. ఆయన జరిగిందంతా చెప్పారు, నిద్రపోబడిన పాపతో సహా. అక్కడికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో సుత్తి చప్పుడులో తెలియలేదు. రెండూ అయి ఉండొచ్చు.

తర్వాత ఆమె లేచి, ఒక కర్టెన్ తీసి తమ గది కిటికీకి పట్టి చూసింది. ఆ పొట్టి కిటికీకి గుడ్డ సగం నేల మీదే పడింది. కత్తెర పక్కనే ఉంది. ఆయన కత్తెర అందించబోయారు.

"కత్తిరించను" అంది ఆమె. "మడిచి కుడతాను. వచ్చే ఏడు కుట్టు విప్పితే మళ్ళీ పొడుగవుతుంది."

మిషను ముందు కూర్చుని, అడుగున ఉన్న గుడ్డంతా లోపలికి మడిచి, వదులు కుట్టు వేసింది. ఆయన జారిపోకుండా అవతలి కొస పట్టుకున్నారు.